రోడ్డు అంచు ఎక్కని తోపుడు బండి: లెక్కలో 107 కిలోలు, ఇద్దరం తోసినా కదలడం లేదు

బోండాల_బండి
మాది అంబాజీపేట దగ్గర పల్లె. నాన్న తోపుడు బండి మీద కొబ్బరి బోండాలు అమ్ముతారు. మా వీధిలో పాత రోడ్డు మీదే కొత్తగా సిమెంటు రోడ్డు పోశారు. దాంతో మా వాకిలి కన్నా రోడ్డు 12 సెంటీమీటర్లు ఎత్తయింది. రోజూ పొద్దున్నే నిండు బండిని ఆ అంచు ఎక్కించాలి.

బండికి నాలుగు సైకిల్ చక్రాలు. టైరుతో కలిపి నేల నుంచి ఇరుసు దాకా 30 సెంటీమీటర్లు. పక్కింటి వాళ్ల కొబ్బరి కాటా మీద ముందు చక్రాలు రెండూ ఎక్కించి తూచాను, 80 కిలోలు వచ్చింది. వెనకవి కూడా అంతే. నేను డిప్లొమా రెండో ఏడు చదువుతున్నాను కాబట్టి అంచు మూల దగ్గర టార్క్ తీసి లెక్క వేశాను. అడ్డంగా 107 కిలోల బలం కావాలని వచ్చింది.

నాన్న, నేను కలిసి హ్యాండిల్ పట్టుకుని తోస్తే బండి అసలు కదలలేదు. నిన్న మావయ్య, వాళ్ల అబ్బాయి కూడా కలిశారు. నలుగురం ఒక్కసారిగా తోస్తే ముందు చక్రాలు ఎక్కలేదు సరికదా, వెనక చక్రాలు గాల్లోకి లేచి బోండాలన్నీ రోడ్డు మీద దొర్లాయి. నా లెక్క ఎక్కడ తప్పింది?

అరటిగెల_రావులపాలెం
చెక్క వేసి ఎక్కించు తమ్ముడూ. దీనికి లెక్కెందుకు.

బోండాల_బండి
మీటరు పొడుగు చెక్క ఉండేదన్నా. దాని మీద నుంచి ఒక్కడే తోసేసేవారు. వర్షానికి తడిసి ఎవరిదో ట్రాక్టరు ఎక్కితే విరిగింది. కొత్తది తెస్తాం. కానీ నాన్న రోజంతా తిరిగే ప్రతి చోటికీ చెక్క మోసుకెళ్లలేరు కదా. అందుకే లెక్క అర్థం కావాలి.

గట్టుమీద_గౌతమి
నాకు మొదటి మెట్టులోనే అనుమానం. ముందు చక్రాల మీద ఉన్నదే 80 కిలోలు. నిలువుగా ఎత్తేసినా 80 చాలు. అడ్డంగా తోస్తే అంతకన్నా ఎక్కువ ఎలా కావాలి?

బోండాల_బండి
లెక్క ఇది:

```
R = 30, h = 12
R − h = 18
√(30² − 18²) = 24
F × 18 = 80 × 24
F = 106.7
```

చక్రం లేవడం మొదలైన క్షణంలో నేలను వదిలేస్తుంది, అంచు మూల ఒక్కటే దాన్ని ఆపుతుంది. ఆ మూల ఎంత బలంతో తోస్తుందో మనకు తెలియదు. కానీ టార్క్ ఆ మూల దగ్గరే తీస్తే దాని గొడవే ఉండదు. బరువు ఇరుసు నుంచి నిట్టనిలువుగా కిందికి లాగుతుంది, మూలకు 24 సెంటీమీటర్ల దూరంలో. నా తోపు ఇరుసు ఎత్తులో అడ్డంగా ఉంటుంది, మూలకు 18 సెంటీమీటర్ల ఎత్తులో. బరువుకు పొడుగు చెయ్యి, నాకు పొట్టి చెయ్యి దొరికాయి. అందుకే నాకు ఎక్కువ బలం కావాలి.

చెరువుల_భీమవరం
107 కరెక్ట్ కాదనిపిస్తోంది. 80 కిలోలను 12 సెంటీమీటర్లు ఎత్తాలి, పని అంతే. ఆ ఎత్తు ఎక్కేలోపు ఇరుసు ముందుకు 24 సెంటీమీటర్లు కదులుతుంది. అంటే బలం అందులో సగం, 40 కిలోలు చాలు. పని ఎప్పుడూ మోసం చెయ్యదు.

ఇరుసు_మాస్టారు
భీమవరం గారూ, పని మోసం చెయ్యదు, నిజమే. మీ 40 కూడా తప్పు కాదు. కానీ అది సగటు. మొదట్లో 107 కావాలి. చక్రం కొంచెం లేచేసరికి మన చెయ్యి పొడుగవుతుంది, బరువు చెయ్యి పొట్టిదవుతుంది, కావాల్సిన బలం జారిపోతూ ఇరుసు సరిగ్గా మూల మీదకు వచ్చేసరికి సున్నా అవుతుంది. సగటు 40 అయినా మొదటి క్షణంలో 107 లేకపోతే బండి బయలుదేరదు. బండి వాడికి తగిలే బాధ ఆ మొదటి క్షణమే.

బాబూ, నీ లెక్కలో తప్పు లేదు. కానీ అది ఇరుసు దగ్గర తోసేవాడి లెక్క. నువ్వు తోసింది ఇరుసు దగ్గర కాదు, హ్యాండిల్ దగ్గర. హ్యాండిల్ నేల నుంచి ఎంత ఎత్తు? ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం ఎంత? ఈ రెండూ కొలిచి పెట్టు.

బుల్లెట్_తణుకు
నా బండి స్పీడ్ బ్రేకర్ మీద ముందు చక్రం ఎగిరి, ఫోర్క్ వంగింది. ఎంత స్పీడులో వెళ్తే సేఫ్ అంటారు?

గట్టుమీద_గౌతమి
తణుకు గారూ, ఇక్కడ ఆగి ఉన్న బండి గురించి మాట్లాడుతున్నాం. మీది గుద్దుకోవడం, ఆ లెక్క వేరు.

బుల్లెట్_తణుకు
సరే గానీ, ఈ బండిని కూడా నాలుగడుగులు వెనక్కి తీసుకెళ్లి ఊపుతో తెస్తే ఎక్కెయ్యదా?

బోండాల_బండి
అదీ చేశాం. ఎక్కింది కూడా. రెండో రోజుకి రిమ్ముకి సొట్ట పడి బ్రేకుల్లేని సైకిల్లా ఊగుతోంది.

మాస్టారూ, కొలిచాను. హ్యాండిల్ ఎత్తు 90 సెంటీమీటర్లు. ఇరుసుల మధ్య 120.

ఇరుసు_మాస్టారు
ఇప్పుడు బోండాలు ఎందుకు దొర్లాయో చూద్దాం.

నీ చెయ్యి 90 ఎత్తులో ఉంది. అంచు చక్రాన్ని ఆపే బలం మాత్రం ఇరుసు ఎత్తులో, అంటే 30 దగ్గర పనిచేస్తున్నట్టు లెక్క. తేడా 60 సెంటీమీటర్లు. పైన ముందుకు తోస్తుంటే, కింద వెనక్కి ఆపుతుంటే బండి ముందుకు తలవంచుతుంది. అప్పుడు వెనక చక్రాల మీది బరువు తగ్గి, ముందు చక్రాల మీదకు చేరుతుంది. ఎంత చేరుతుంది? 60ని 120తో భాగిస్తే సగం. నువ్వు తోసే ప్రతి 2 కిలోలకూ ముందు చక్రాల మీద 1 కిలో కొత్తగా పడుతుంది.

అంటే నువ్వు ఎంత గట్టిగా తోస్తే ఎక్కాల్సిన బరువు అంత పెరుగుతూ పోతుంది. కావాల్సిన తోపు F అనుకో. ముందు బరువు 80 కాదు, 80 + F/2. నీ లెక్కలో 18ని 24తో భాగిస్తే ముప్పావు, అంటే తోపులో ముప్పావు వంతు బరువు దాకానే అంచు ఎక్కగలదు. అంటే 0.75F = 80 + 0.5F. F = 320 కిలోలు.

కానీ అక్కడిదాకా కూడా వెళ్లవు. వెనక చక్రాల మీద ఉన్నది 80 కిలోలే. F సగం 80 అయ్యేసరికి, అంటే 160 కిలోల తోపు దగ్గరే, వెనక చక్రాలు నేల వదిలేస్తాయి. నలుగురు కలిసి తోస్తే 160 వచ్చేస్తుంది. నిన్న జరిగింది అదే.

అరటిగెల_రావులపాలెం
320 అంటే మా గెలల లారీనే తోసెయ్యొచ్చు. నేను పదేళ్లు తోపుడు బండి నడిపాను మాస్టారూ. అంచు వస్తే హ్యాండిల్ కిందికి నొక్కి తోసేవాణ్ణి. ఎందుకు పనిచేసేదో ఇప్పటిదాకా తెలీదు.

ఇరుసు_మాస్టారు
మీది రెండు చక్రాల బండి అయ్యుండాలి. దానికైతే నొక్కితే ముందు భాగం అమాంతం లేస్తుంది. నాలుగు చక్రాలదానికి వెనక ఇరుసు అడ్డొస్తుంది. హ్యాండిల్ వెనక ఇరుసుకి 40 సెంటీమీటర్లు వెనక ఉందనుకుంటే, 30 కిలోలు నొక్కితే ముందు తగ్గేది 10 కిలోలే. పనికొస్తుంది గానీ సరిపోదు.

అరటిగెల_రావులపాలెం
ఆయ్, రెండు చక్రాలదేనండి.

గట్టుమీద_గౌతమి
కిలోలు అంటే బలం కాదు కదా, న్యూటన్లలో రాయాలి. చదివే పిల్లలు చూస్తారు.

ఇరుసు_మాస్టారు
పరీక్షలో 9.8తో గుణించి రాయాలి, 107 కిలోలు దాదాపు 1,050 న్యూటన్లు. ఇక్కడ కాటా చూపించేది కిలోలే కాబట్టి అలా రాశాను. నిష్పత్తులు మారవు.

లంక_పెదనాన్న
మా చిన్నప్పుడు లంకలోంచి ఎడ్లబండి మీద పొగాకు, వరి మోసేవాళ్లం. కాలవ గట్టు ఎక్కేటప్పుడు చక్రం రాయికి తగిలి ఆగిపోయేది. అప్పుడు బండి వెనక ఎవరూ తోసేవాళ్లు కాదు. ఇద్దరు దిగి చెరో చక్రం దగ్గర నిలబడి, పై ఆకు పట్టుకుని ముందుకు లాగేవాళ్లు. ఇరుసు దగ్గర తోసేవాడికి కూలి దండగ అనేవారు. మీ బండికీ అదే చెయ్యండి. సైకిల్ చక్రమైనా చక్రమే.

బోండాల_బండి
పెదనాన్నగారూ, రిమ్ము పైన పట్టుకుంటే ఎంత తగ్గుతుంది?

ఇరుసు_మాస్టారు
నువ్వే వెయ్యి. మూల నుంచి చక్రం పైభాగం దాకా ఎత్తు ఎంత?

బోండాల_బండి
చక్రం మొత్తం 60. అంచు 12. అంటే 48. బరువు చెయ్యి 24 అలాగే ఉంటుంది. F × 48 = 80 × 24. నలభై కిలోలు!

అటొకరు ఇటొకరు ఉంటే ఒక్కొక్కరికి 20 కిలోలేనా?

ఇరుసు_మాస్టారు
అంతే. పైగా బండి తలవంచడమూ ఉండదు. హ్యాండిల్ ముట్టుకోవడం లేదు, చక్రాన్నే తిప్పుతున్నావు. లాగేవాడు నేల మీద నిలబడాలి, అదొక్కటే షరతు. బండి మీద కూర్చుని తిప్పితే ఆ బలం తిరిగి బండి మీదే పడుతుంది, అప్పుడీ లెక్క చెల్లదు. పుల్లల మధ్య వేలు పెట్టకుండా టైరు మీద అరచెయ్యి వెయ్యండి.

ఇందులో ఒక చిక్కుంది. ఇరుసు దగ్గర లాగినప్పుడు మూల చక్రాన్ని సరిగ్గా ఇరుసు వైపే నెడుతుంది, ఎంత నున్నగా ఉన్నా జారదు. రిమ్ము పట్టి లాగినప్పుడు అలా కాదు. చక్రం మూలను పట్టుకోవాలి, లేదంటే అక్కడే జారి తిరుగుతుంది. ఎంత పట్టు కావాలంటే, బరువులో ఎన్నో వంతు బలం వాడుతున్నావో అదే అంకె. నువ్వు 80కి 40 లాగుతున్నావు, అంటే రాపిడి గుణకం కనీసం 0.5 ఉండాలి. పొడి సిమెంటు మీద రబ్బరుకి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. మన శ్రావణం వానల్లో అంచుకి పాచి పట్టిందా, ఉండదు.

లంక_పెదనాన్న
పాచి ఉంటే గుప్పెడు ఇసక జల్లేవాళ్లం. గోదారి ఇసకకి కరువా.

కుర్చీ_అమ్మాయి_పాలకొల్లు
ఇది చదువుతుంటే మా అమ్మ చక్రాల కుర్చీ గుర్తొస్తోంది. మా పాత పెంకుటింటి గడప 4 సెంటీమీటర్లే. ముందు చిన్న చక్రాలు తగిలి ఆగిపోతాయి. నేను వెనక నుంచి తోస్తే అమ్మ ముందుకు ఒరిగిపోతుంది, భయంగా ఉంటుంది. ఇది కూడా అదేనా మాస్టారూ? చిన్న చక్రం మధ్య నుంచి అంచు దాకా 10 సెంటీమీటర్లు ఉంటుంది.

ఇరుసు_మాస్టారు
అచ్చంగా అదే అమ్మా. 10కి 4, వీళ్ల బండి 30కి 12. రెండూ ఒకే నిష్పత్తి, కాబట్టి బరువుకి మూడో వంతు ఎక్కువ తోపు కావాలి. మీ కుర్చీ పిడి కూడా ఇరుసు కన్నా చాలా పైన ఉంటుంది, అందుకే అమ్మ ముందుకు ఒరుగుతారు. చిన్న చక్రంతో గడప ఎక్కించకండి. పెద్ద చక్రం మధ్య నుంచి అంచు దాకా 30 సెంటీమీటర్లు ఉంటే అదే గడపకి బరువులో 58 శాతం చాలు. కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలతో ముందు గడప దాటించి లాగండి. పిడి కిందికి నొక్కి చిన్న చక్రాలు ఎత్తి పట్టుకుంటే అవి తగలవు.

కుర్చీ_అమ్మాయి_పాలకొల్లు
ఆసుపత్రిలో వార్డు బాయ్ లిఫ్టు దగ్గర ఎప్పుడూ వెనక్కి తిప్పే లాగేవాడు. అలవాటేమో అనుకున్నాను.

చెరువుల_భీమవరం
మా రొయ్యల చెరువు దగ్గర వేలాడే డిజిటల్ కాటా ఉంది, 200 కిలోల దాకా చూపిస్తుంది. ముందు ఇరుసుకి తాడు కట్టి, మధ్యలో కాటా తగిలించి లాగితే అసలు అంకె తెలిసిపోతుంది. బోండాల తమ్ముడూ, అలాంటిది మీ ఊళ్లో దొరుకుతుందా? నా 40 సగటు అని ఒప్పుకున్నాను గానీ, మొదటి అంకె కళ్లారా చూడాలని ఉంది.

బోండాల_బండి
కొబ్బరి కొట్టులో ఉంది. అడుగుతాను. తాడు ఎటువైపు లాగాలి?

ఇరుసు_మాస్టారు
ముందు నేలకి సమాంతరంగా లాగి చూడు. తర్వాత రోడ్డు మీద నిలబడి తాడు పైకి వాలుగా లాగు. మూల నుంచి ఇరుసుకి గీత గీస్తే దానికి అడ్డంగా లాగడం అన్నిటికన్నా మేలు. మీ బండికి అది నేల నుంచి 53 డిగ్రీలు. అప్పుడు 64 కిలోలు చాలు. కోణం సరిగ్గా కుదరలేదని కంగారు పడకు. 37 డిగ్రీల్లో లాగినా 67 కిలోలే అవుతుంది.

బోండాల_బండి
*(రెండు రోజుల తర్వాత)*

చేశాం. బండిలో అంతే సరుకు, ముందు చక్రాల మీద మళ్లీ తూచాం, 81 కిలోలు.

నేలకి సమాంతరంగా తాడు లాగడానికి నలుగురు రోడ్డు మీద దాదాపు కూర్చోవాల్సి వచ్చింది. చక్రం లేచే ముందు కాటా చూపించిన పెద్ద అంకె 98. మూడుసార్లు చేశాం, 97 నుంచి 100 మధ్యలోనే ఉంది. లెక్క ప్రకారం 108 రావాలి.

వాలుగా లాగితే 63 దగ్గర ఎక్కింది. వెనక చక్రాలు ఒక్కసారి కూడా లేవలేదు.

తర్వాత తాడు తీసేసి నాన్న ఒకవైపు, నేను ఒకవైపు నిలబడి టైరు పైభాగం పట్టుకుని లాగాం. మొదటిసారి తడిగా ఉండి టైరు అంచు మీద గీసుకుంటూ జారింది. పెదనాన్నగారు చెప్పినట్టు ఇసక జల్లాను. రెండోసారి గప్పున ఎక్కేసింది. నాన్న "ఇంతేనా" అన్నారు.

వెనక చక్రాలు మాత్రం కష్టంగానే ఉన్నాయి. ముందు భాగం ఎత్తు మీద ఉంటే బరువు కొంత వెనక్కి జారుతోంది కదా. అవి కూడా టైరు పట్టే ఎక్కించాం.

చెరువుల_భీమవరం
98. సరే, ఒప్పుకున్నాను. కానీ 108కి 98 ఎందుకు తగ్గింది?

గట్టుమీద_గౌతమి
టైరు వల్ల. మూల రబ్బరులోకి దిగుతుంది కదా, అంచు అంతమేర తగ్గినట్టే.

అరటిగెల_రావులపాలెం
అలాగైతే గాలి తీసేస్తే ఇంకా తేలిక అవ్వాలి. నా అనుభవంలో గాలి తక్కువున్న బండి ఎప్పుడూ బరువుగానే ఉండేది.

ఇరుసు_మాస్టారు
రెండు వైపులా నిజం ఉంది. మూల రబ్బరులోకి దిగితే తగిలే చోటు ఒక బిందువు కాకుండా కొంచెం పరుచుకుంటుంది, అది మేలు. కానీ గాలి తగ్గితే ఇరుసు కూడా కిందికి దిగుతుంది. 30 అనుకున్నది 28 అయితే మన చెయ్యి 18 నుంచి 16 అవుతుంది, అది కీడు. ఏది ఎక్కువో గాలి ఎంత ఉందన్న దాన్ని బట్టి మారుతుంది. ఈ పది కిలోలు పూర్తిగా టైరువేనని నేను అనను. నలుగురు లాగుతుంటే తాడు ఒక పది డిగ్రీలు పైకి వాలినా అంకె 89కి దిగిపోతుంది. బాబూ, కాటా దగ్గర తాడు ఎంత ఎత్తులో ఉందో చూశావా?

బోండాల_బండి
చూడలేదు మాస్టారూ. కొంచెం పైకే ఉండి ఉండొచ్చు. ఈసారి గాలి నిండుగా కొట్టి ఒకసారి, కాస్త తీసి ఒకసారి, తాడుకి మట్టం పెట్టి చూస్తాను.

ఇంకో సంగతి. నాన్న ఒక్కరే ఉన్నప్పుడు టైరు రెండు వైపులా పట్టడం కుదరదు. అందుకే 6 సెంటీమీటర్ల మందం ఉన్న తాటి దూలం ముక్క బండి కింద కట్టుకుని తిరగాలనుకుంటున్నారు. అంచు ముందు వేస్తే రెండు మెట్లవుతుంది. 6కి లెక్క వేస్తే అడ్డంగా 60 కిలోలు, రిమ్ము పట్టి లాగితే 27. ముక్క 10 సెంటీమీటర్ల వెడల్పే ఉంది, చాలా?

ఇరుసు_మాస్టారు
చాలదు. చక్రం ముక్క మీదకు పూర్తిగా ఎక్కకముందే రోడ్డు అంచు తగులుతుంది. అప్పుడు 60 అనుకున్నది 72 దాకా పోతుంది. 6 సెంటీమీటర్ల మెట్టుకి చక్రం ఇరుసు కన్నా 18 ముందే తగులుతుంది కాబట్టి ముక్క వెడల్పు కనీసం 18 ఉండాలి. 20 పెట్టుకో.

ఇంకా మంచిది, మీటరు చెక్కే మళ్లీ చేయించు. 12 ఎత్తుకి మీటరు వాలు అయితే బండి మొత్తం మీద ఉన్నా 20 కిలోల తోపుతో పోతుంది. సన్నది కాకుండా మందంగా చేయించు, ట్రాక్టరు దారిలో వదలకు.

అరటిగెల_రావులపాలెం
మొదటి రోజు నేను చెప్పింది చెక్కే కదండి.

లంక_పెదనాన్న
చెప్పావులే. ఎందుకో చెప్పలేదు.

బోండాల_బండి
రేపు వడ్రంగి దగ్గరికి వెళ్తున్నాను. మీటరు చెక్క ఇంటికి, 20 వెడల్పు దూలం ముక్క బండికి. కాటా మళ్లీ ఆదివారం ఇస్తానన్నారు. గాలి సంగతి అప్పుడు పెడతాను.